మేయరా, మేనేజరా, కమిటీలా? నగరంలో నిర్ణయం ఎవరిది, జవాబు చెప్పవలసింది ఎవరు?

శారద_బ్రిస్టల్ | 9 ఆగస్టు 2025

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉంటాను. ఇక్కడ కామన్వెల్త్ దేశాల పౌరులకు స్థానిక ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది కాబట్టి, భారతీయ పాస్‌పోర్టుతోనే 2022 మే నెలలో జరిగిన రెఫరెండంలో ఓటు వేశాను. నగరాన్ని ప్రజలు నేరుగా ఎన్నుకున్న మేయర్ నడపాలా, కౌన్సిలర్ల కమిటీలు నడపాలా అన్నది ప్రశ్న. 59 శాతం మంది కమిటీలు కావాలన్నారు. వారిలో నేనూ ఉన్నాను. 2024 మే నెలలో మేయర్ పదవి రద్దయింది. ఇప్పుడు గృహనిర్మాణానికి ఒక కమిటీ, రవాణాకు ఒకటి, వ్యూహానికీ వనరులకీ మరొకటి, ఇలా నడుస్తోంది.

నేను అలా ఓటు వేయడానికి కారణం అరీనా వ్యవహారం. టెంపుల్ మీడ్స్ రైల్వే స్టేషన్ పక్కన 12,000 సీట్ల ప్రదర్శనశాల కట్టాలని ఏళ్ల తరబడి అనుకున్నారు. 2018 సెప్టెంబరులో కౌన్సిల్ సమావేశమై అక్కడే కట్టాలని ఓటు వేసింది. మర్నాడే మేయర్ మార్విన్ రీస్ ఆ పథకాన్ని రద్దు చేశారు. కౌన్సిల్ ఓటును ఆయన పాటించాలన్న నిబంధన చట్టంలో లేదు. నగరం మొత్తం ఎన్నుకున్న సభ ఒక మాట చెబితే, ఒక్క మనిషి దాన్ని పక్కన పెట్టడం నాకు మింగుడుపడలేదు.

ఇప్పుడు ఇబ్బంది మరోలా ఉంది. ఏదైనా పని చెడితే ఎవరిని అడగాలో తెలియడం లేదు. కమిటీలో అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు, అందరూ కలిసే చేశామంటారు. ఇంతలో 2025 జులైలో ప్రభుత్వం పార్లమెంటులో పెట్టిన బిల్లు, ఇంగ్లండ్‌లో కమిటీ పద్ధతినే ఎత్తివేసి, కౌన్సిలర్లు ఎన్నుకున్న లీడర్, క్యాబినెట్ కలిసి నడిపే లీడర్-క్యాబినెట్ పద్ధతి తేవాలంది. వేరే దేశాల్లో ఉన్నవాళ్లు మీ నగరాల సంగతి చెప్పండి. జవాబుదారీతనానికి ఏది మేలు, పని సాగడానికి ఏది మేలు?

---

రవి_టెక్సాస్ | 9 ఆగస్టు 2025

శారద గారూ, దీనికి మా దగ్గర ఎప్పుడో సమాధానం దొరికింది. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ అన్నీ కౌన్సిల్-మేనేజర్ పద్ధతిలో నడిచే నగరాలే. డల్లాస్ కూడా అంతే. ఎన్నికైన కౌన్సిల్ విధానం చెబుతుంది, బడ్జెట్ ఆమోదిస్తుంది. రోడ్లు, నీళ్లు, ఉద్యోగుల నియామకం, టెండర్లు అన్నీ చదువూ అనుభవమూ ఉన్న సిటీ మేనేజర్ చూసుకుంటారు. మేయర్‌కు కౌన్సిల్‌లో ఒక ఓటు ఉంటుంది, అంతకు మించి పెద్దగా అధికారం ఉండదు. రాజకీయం లేదు కాబట్టి అవినీతీ లేదు, ఆలస్యమూ లేదు. 2005లో డల్లాస్‌లో మేయర్‌కు బలమైన అధికారాలు ఇస్తామని రెండుసార్లు ఓటుకు పెడితే జనం రెండుసార్లూ వద్దన్నారు.

---

నాంపల్లి_నరసింహారావు | 10 ఆగస్టు 2025

హైదరాబాదులో ఉన్నదీ అదే పద్ధతి కదా. జీహెచ్‌ఎంసీలో మేయర్ ఉన్నా పని చేసేది కమిషనరే. మా వీధిలో మురుగు కాలువ మూత విరిగి నెలలు గడిచాయి. కార్పొరేటర్‌ను అడిగితే కమిషనర్‌కు రాశానంటారు. జోనల్ కార్యాలయానికి వెళితే బడ్జెట్ లేదంటారు. మేనేజర్ పద్ధతి అంత గొప్పదైతే మాకు ఎందుకు పని జరగడం లేదు? అసలు ఫిర్యాదు ఎక్కడ చేయాలో ఎవరైనా చెప్పగలరా?

---

పురపాలన_మూర్తి | 10 ఆగస్టు 2025

మున్సిపల్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. తర్వాత కొన్నేళ్లు ఇదే పాఠంగా చెప్పాను. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

నరసింహారావు గారూ, ముందు మీ మాట. మన కమిషనర్‌కూ డల్లాస్ మేనేజర్‌కూ పైకి పోలిక కనిపిస్తుంది. ఇద్దరూ ఎన్నిక కాని అధికారులే, ఇద్దరి చేతిలోనూ అమలు అధికారం ఉంది. అయితే డల్లాస్ మేనేజర్‌ను నియమించేది కౌన్సిల్. పనితీరు నచ్చకపోతే ఓటు వేసి తీసేసేదీ కౌన్సిలే. జీహెచ్‌ఎంసీ కమిషనర్‌ను నియమించేదీ బదిలీ చేసేదీ రాష్ట్ర ప్రభుత్వం. మీ కార్పొరేటర్ ఆయనకు ఉత్తరం రాయగలరు, సభలో నిలదీయగలరు. ఆయన ఉద్యోగం మాత్రం కార్పొరేటర్ల చేతిలో లేదు. 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ ఏర్పడింది, కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగింది 2009 నవంబరులో. రెండేళ్లకు పైగా ఎన్నికైన సభ లేకుండానే నగర పాలన సాగిపోయింది. అమలు అధికారం ఎక్కడ ఉందో అంతకంటే స్పష్టంగా తెలిపేది ఏదీ లేదు.

నవీ ముంబయిలో ఇంకో మెట్టు ముందుకు వెళ్లారు. 2016లో కమిషనర్ తుకారాం ముండేపై కార్పొరేటర్లు భారీ మెజారిటీతో అవిశ్వాసం నెగ్గించారు. రాష్ట్ర ప్రభుత్వం ఆ తీర్మానాన్ని నిలిపివేసింది, ఆయన పదవిలో కొనసాగారు. 2017 మార్చిలో బదిలీ చేసింది కూడా ప్రభుత్వమే. ఆయన మంచి అధికారా కాదా అన్నది వేరే చర్చ. ఎన్నికైన సభ అంత గట్టిగా చెప్పినా చెల్లలేదన్నది గమనించండి.

కాబట్టి శారద గారి ప్రశ్నకు నేను చూసే కొలత ఇది. నిర్ణయం మీద సంతకం ఎవరిది? ఆ సంతకం చేసిన మనిషిని ఎవరు, ఎంత త్వరగా పదవి నుంచి దింపగలరు? మేనేజర్ పద్ధతిలో కౌన్సిల్ ఒక సమావేశంలోనే దింపగలదు. బ్రిస్టల్ మేయర్‌ను తీసేసే అధికారం కౌన్సిల్‌కు ఉండేది కాదు, తదుపరి ఎన్నికల వరకు ఆగాల్సి వచ్చేది. కమిటీ పద్ధతిలో సంతకం కమిటీది, దాన్ని మొత్తంగా దింపడమంటూ ఉండదు.

---

హ్యూస్టన్_కృష్ణ | 10 ఆగస్టు 2025

మూర్తి గారూ, ఎన్నికల వరకు ఆగడం అంత చిన్న విషయంగా తీసేయకండి. బ్రిస్టల్‌లోనే చూడండి. 2012లో గెలిచిన మొదటి మేయర్ జార్జ్ ఫెర్గూసన్‌ను 2016లో అదే ఓటర్లు ఓడించి రీస్‌ను తెచ్చారు. నగరంలో అందరికీ ఆ పేరు తెలుసు, ఆయన ఏం చేశారో తెలుసు, తీర్పు చెప్పారు. మా హ్యూస్టన్‌లో మేయరే అమలు అధికారి. వరద వచ్చినా, చెత్త ఎత్తకపోయినా జనం తిట్టేది ఒక్కరినే. డల్లాస్‌లో పది మందిని ఆపి మీ సిటీ మేనేజర్ పేరేమిటని అడగండి. ఎంతమంది చెబుతారు?

శారద గారి అరీనా విషయంలో కూడా నాకు భిన్నాభిప్రాయం ఉంది. రద్దు చేసింది ఫలానా మేయర్ అని ఆమెకు ఇన్నేళ్ల తర్వాత కూడా గుర్తుంది. జవాబుదారీతనం మొదలయ్యేది అక్కడే.

---

శారద_బ్రిస్టల్ | 10 ఆగస్టు 2025

గుర్తున్న మాట నిజమే కృష్ణ గారూ. కానీ గుర్తుండి ఏం చేశాను? ఆ తర్వాత ఎన్నికలు 2020లో జరగాలి, కోవిడ్ వల్ల 2021కి వాయిదా పడ్డాయి. అప్పటికి టెంపుల్ మీడ్స్ స్థలం చేయి దాటిపోయింది. అరీనాను నగరం శివార్లలోని ఫిల్టన్‌లో పాత విమానాల హ్యాంగర్‌లో కట్టాలన్నారు. ఈ రోజుకీ అది తెరుచుకోలేదు. 2021లో రీస్ మళ్లీ గెలిచారు కూడా. జనం ఒక్క అరీనాను చూసి ఓటు వేయరు కదా, ఇళ్లు, బస్సులు, పార్టీ అన్నీ చూస్తారు. ఒక్క నిర్ణయం తప్పని చెప్పడానికి నాకున్న ఒకే ఓటులో అన్నీ కలిసిపోయాయి.

---

పురపాలన_మూర్తి | 11 ఆగస్టు 2025

శారద గారు చెప్పినది ఈ పద్ధతిలోని అసలు లోపాన్ని పట్టుకుంది. మేయర్ పద్ధతిలో బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉంటుంది, దానికి శిక్ష మాత్రం ఆలస్యంగా, మిగిలిన అన్నింటితో కలిపి పడుతుంది. మధ్యలో కౌన్సిల్ చేతిలో ఉండేది ప్రధానంగా బడ్జెట్. ఇంగ్లండ్‌లో నేరుగా ఎన్నికైన మేయర్ ప్రతిపాదించిన బడ్జెట్‌ను మార్చాలంటే కౌన్సిల్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. సాధారణ మెజారిటీ ఉన్నా చాలదు. అందుకే అక్కడి కౌన్సిలర్లకు తాము ప్రేక్షకులమన్న భావన కలుగుతుంది.

ఇక రవి గారికి ఒక మాట. మేనేజర్ పద్ధతిలో రాజకీయం లేదు కాబట్టి అవినీతి లేదన్నారు. కాలిఫోర్నియాలోని బెల్ అనే చిన్న పట్టణాన్ని చూడండి. జనాభా 40,000 లోపు, ఎక్కువమంది శ్రామిక కుటుంబాలవాళ్లు. అది కూడా మేనేజర్ పద్ధతే. 2005లో ఒక ప్రత్యేక ఎన్నిక పెట్టి పట్టణానికి సొంత చార్టర్, అంటే పాలన నిబంధనల పత్రం, తెచ్చారు, దాంతో కౌన్సిలర్ల జీతాలపై రాష్ట్ర చట్టం పెట్టిన పరిమితి వర్తించకుండా పోయింది. ఆ ఎన్నికలో ఓటు వేసినవాళ్లు 400 మంది కూడా లేరు. 2010లో లాస్ ఏంజలెస్ టైమ్స్ పత్రిక బయటపెట్టే నాటికి మేనేజర్ రాబర్ట్ రిజ్జో జీతం ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు. పార్ట్‌టైమ్ కౌన్సిలర్లలో ఎక్కువమంది లక్ష డాలర్లకు దగ్గరగా తీసుకుంటున్నారు. 2014లో రిజ్జోకు 12 ఏళ్ల జైలు శిక్ష పడింది.

అక్కడ జరిగినది గమనించండి. మేనేజర్‌ను దింపే అధికారం కౌన్సిల్‌కు పూర్తిగా ఉంది. కానీ ఆ కౌన్సిల్ జీతాలు కూడా అదే ఏర్పాటులో పెరుగుతున్నాయి. కాపలా కాయాల్సినవాళ్లకూ వాటా ఉంటే దింపే అధికారం కాగితం మీదే మిగులుతుంది. ఈ పద్ధతి బాగా పనిచేయాలంటే కౌన్సిల్ ఎన్నికల్లో జనం ఓటు వేయాలి, సమావేశాలకు వెళ్లే విలేకరి ఒకరైనా ఉండాలి. బెల్‌లో చాలాకాలం ఆ రెండూ లేవు.

---

రవి_టెక్సాస్ | 11 ఆగస్టు 2025

ఒక్క పట్టణంలో దొంగలు పడితే పద్ధతిని తప్పుపట్టడం న్యాయం కాదు. మేయర్లు జైలుకు వెళ్లిన నగరాలు అమెరికాలో తక్కువేమీ కాదు. అవినీతి లేదన్న నా మాట ఎక్కువైందేమో గానీ, సామర్థ్యం విషయంలో నేను వెనక్కి తగ్గను. మా ఊళ్లో నీటి పైపు పగిలితే ఫోను చేసిన రోజే వచ్చి బాగు చేస్తారు.

---

సుజాత_డీఎఫ్‌డబ్ల్యూ | 11 ఆగస్టు 2025

రవి గారు ఉండే ప్రాంతంలోనే నేనూ ఉంటాను, ఊరి పేరు చెప్పను. మా అనుభవం వేరు. మా ఇంటి వెనక కాలువ గట్టు కోసుకుపోయి, వాన పడినప్పుడల్లా నీరు పెరట్లోకి వచ్చేది. మా వార్డు కౌన్సిలర్‌ను కలిశాను. ఆమె చాలా మర్యాదగా విన్నారు. తర్వాత, పబ్లిక్ వర్క్స్ సిబ్బందికి నేను నేరుగా ఏ ఆదేశమూ ఇవ్వకూడదు, మేనేజర్‌కు చెప్పగలను అంతే, అన్నారు. తప్పించుకోవడానికి అలా అన్నారేమోనని చార్టర్ తీసి చూశాను, నిజంగానే అలా రాసి ఉంది. కౌన్సిలర్లు మేనేజర్ కింద ఉన్న ఉద్యోగులకు ఆదేశాలు ఇవ్వరాదని.

మేనేజర్ కార్యాలయం నుంచి వచ్చిన జవాబు ఏమిటంటే, కాలువ పనులన్నింటికీ ప్రాధాన్య క్రమం ఉంది, మీది వరుసలో ఉంది అని. అది న్యాయమే కావచ్చు. కానీ నేను ఓటు వేసిన మనిషికి నా పని చేయించే అధికారం లేదు, అధికారం ఉన్న మనిషికి నా ఓటుతో పని లేదు. దీన్ని జవాబుదారీతనం అంటారా?

---

పురపాలన_మూర్తి | 11 ఆగస్టు 2025

సుజాత గారూ, ఆ నిబంధన ఆ పద్ధతికి గుండెకాయ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా నగరాల్లో ఉద్యోగాలూ కాంట్రాక్టులూ వార్డు నాయకుల సిఫార్సుల మీద నడిచేవి. దానికి అడ్డుకట్టగా మేనేజర్ పద్ధతి వచ్చింది. 1913 వరదలో ఒహాయోలోని డేటన్ నగరం మునిగిన తర్వాత, 1914 నుంచి అక్కడ ఈ పద్ధతి అమలైంది, ఆ తర్వాత చాలా నగరాలు దాన్నే చూసి అనుసరించాయి. మీ కౌన్సిలర్ మీ కాలువకు ఆదేశం ఇవ్వగలిగితే, పక్క వార్డు కౌన్సిలర్ తన బావమరిదికి ఉద్యోగం ఇవ్వమని కూడా ఆదేశించగలరు. ఒకటి ఆపాలంటే రెండూ ఆపాలి. అందుకు మీలాంటివాళ్లు చెల్లించే మూల్యం నిజమైనదే, నేను కాదనను.

అయినా ఒక దారి ఉంది. ఒక్క కౌన్సిలర్ ఆదేశించలేరు గానీ, కౌన్సిల్ మొత్తం బడ్జెట్‌లో కాలువ గట్ల పనులకు విడిగా డబ్బు కేటాయించగలదు. ఆ ప్రాధాన్య జాబితాను సభ ముందు పెట్టమని కూడా అడగగలదు. బడ్జెట్‌పై బహిరంగ విచారణ జరిగే రోజున మీతో పాటు కాలువ పక్కన ఉండే నాలుగైదు ఇళ్లవాళ్లు వెళ్లి మాట్లాడండి.

---

గ్రూప్స్_అభ్యర్థి_విజయవాడ | 12 ఆగస్టు 2025

సార్, ఖర్చు పరంగా మేనేజర్ పద్ధతి నగరాలు చౌక అని ఒక చోట చదివాను. పరీక్షలో అలా రాయవచ్చా?

---

పురపాలన_మూర్తి | 12 ఆగస్టు 2025

అలా తేల్చి రాయకండి బాబూ. మేనేజర్ పద్ధతి ఎక్కువగా కనిపించేది మధ్యస్థాయి నగరాల్లో, కొత్తగా పెరిగిన శివారు పట్టణాల్లో. న్యూయార్క్, ఫిలడెల్ఫియా లాంటి పాత పెద్ద నగరాల్లో మేయర్ పద్ధతి ఉంది. శివారులో రోడ్లు కొత్తవి, పైపులు కొత్తవి, పేదరికం తక్కువ. అక్కడ ఖర్చు తక్కువైతే అది మేనేజర్ గొప్పతనమా, ఊరి వయసు వల్లనా? దాన్ని వేరు చేయడం చాలా కష్టం. రవి గారి పైపు ఒక్క రోజులో బాగుపడడానికి కూడా ఇది కొంత కారణం కావచ్చు.

---

హ్యూస్టన్_కృష్ణ | 12 ఆగస్టు 2025

కమిటీల గురించి ఎవరూ మాట్లాడడం లేదు. పది మంది కూర్చుని తేల్చే పని ఎప్పటికి అవుతుంది? బ్రిటన్ ప్రభుత్వం వాటిని ఎత్తేయాలనుకోవడంలో తప్పేముంది?

---

శారద_బ్రిస్టల్ | 12 ఆగస్టు 2025

తొందరగా చేస్తే మంచిదనేముంది? షెఫీల్డ్ చెట్ల గొడవ మీరు వినే ఉంటారు. ఆ నగరంలో క్యాబినెట్ పద్ధతి ఉన్నప్పుడు, 2012లో రోడ్ల నిర్వహణను 25 ఏళ్ల పాటు, దాదాపు 220 కోట్ల పౌండ్లకు ఒక సంస్థకు ఇచ్చారు. రోడ్ల పక్కన ఉన్న సుమారు 36,000 చెట్లలో 17,500 చెట్ల దాకా తీసి కొత్తవి పెట్టే అంకె ఆ ఒప్పందంలో ఉందని జనానికి తెలిసింది 2018లో. ఈలోగా వేల చెట్లు కొట్టేశారు. 2016 నవంబరులో రస్ట్‌లింగ్స్ రోడ్డులో తెల్లవారకముందే పోలీసులతో వచ్చి నరకడం మొదలుపెట్టి, అడ్డుకున్న వయసు మళ్లిన స్త్రీలను అరెస్టు చేశారు. తర్వాత విచారణ జరిపిన మార్క్ లోకాక్ 2023 నివేదికలో కౌన్సిల్ నిజాయితీగా వ్యవహరించలేదని రాశారు. 2021లో షెఫీల్డ్ ప్రజలు 65 శాతం ఓట్లతో కమిటీ పద్ధతి తెచ్చుకున్నారు. ఒప్పందం గురించి అన్ని పార్టీల వాళ్లూ ఉన్న కమిటీలో ముందే చర్చ జరిగి ఉంటే ఆ అంకె ఆరేళ్లు దాగేదా?

---

పురపాలన_మూర్తి | 13 ఆగస్టు 2025

దాగడం కష్టమయ్యేదని నేనూ నమ్ముతాను. క్యాబినెట్‌లో అందరూ ఒకే పార్టీవాళ్లు ఉండవచ్చు. కమిటీల్లో మాత్రం పార్టీల బలాన్ని బట్టి సీట్లు పంచాలని 1989 చట్టం చెబుతుంది. ప్రతిపక్ష సభ్యుడికి ఫైలు నిర్ణయానికి ముందే చేరుతుంది, తర్వాత కాదు. కమిటీ పద్ధతికి ఉన్న అతి పెద్ద బలం ఇదే. ఒప్పందం మాత్రం 2037 దాకా ఉంటుంది. పద్ధతి మార్చినంత మాత్రాన సంతకాలు చెరిగిపోవు.

కృష్ణ గారి ప్రశ్నకు వస్తాను. కమిటీ నెమ్మదే. సమావేశానికి కనీసం అయిదు పనిదినాల ముందు అజెండా, నివేదికలు బయట పెట్టాలి. కమిటీ కొన్ని వారాలకు ఒకసారి కలుస్తుంది. ఒక అంశం వాయిదా పడిందంటే తర్వాతి సమావేశం దాకా ఆగాలి. ఇది అందరికీ కనిపించే ఆలస్యం.

ఎక్కువమందికి కనిపించనిది ఇంకొకటి ఉంది. క్యాబినెట్ పద్ధతిలో ఒక్క సభ్యుడు తన శాఖలో సొంతంగా నిర్ణయం తీసుకోవచ్చు. కమిటీ పద్ధతికి వర్తించే 1972 చట్టం ప్రకారం అధికారాన్ని కమిటీకో, ఉపకమిటీకో, అధికారికో అప్పగించవచ్చు. ఒక్క కౌన్సిలర్‌కు అప్పగించడానికి వీల్లేదు, కమిటీ అధ్యక్షుడికైనా సరే. మరి సమావేశం మూడు వారాల దూరంలో ఉండి, నిర్ణయం ఈ రోజే కావాలంటే ఎవరు తీసుకుంటారు? అధికారి. అధ్యక్షుడిని సంప్రదించి అని కాగితం మీద రాసుకుంటారు, అంతే. ఒక్క మనిషి పెత్తనం వద్దని తెచ్చుకున్న పద్ధతిలో అత్యవసర నిర్ణయాలు ఎన్నిక కాని మనిషి చేతికి వెళ్తాయి. పని చెడినప్పుడు ఎవరిని అడగాలో తెలియడం లేదని శారద గారు మొదట్లో అన్నదానికి చాలావరకు ఇదే కారణమని నా అనుమానం.

---

శారద_బ్రిస్టల్ | 13 ఆగస్టు 2025

ఇది నాకు తెలియదు. నేను కమిటీ సమావేశాల వీడియోలే చూస్తున్నాను. అధికారులు తీసుకున్న నిర్ణయాలు ఎక్కడైనా కనిపిస్తాయా?

---

పురపాలన_మూర్తి | 13 ఆగస్టు 2025

కనిపించాలి. 2014 నిబంధనల ప్రకారం అధికారి తనకు అప్పగించిన అధికారంతో అనుమతి ఇచ్చినా, ఎవరి హక్కులనైనా ప్రభావితం చేసినా, కౌన్సిల్ ఆర్థిక స్థితిపై గణనీయమైన ప్రభావం పడేలా కాంట్రాక్టు ఇచ్చినా, ఖర్చు చేసినా, కారణాలతో సహా రాతపూర్వకంగా నమోదు చేసి ప్రచురించాలి. పరిశీలించిన ఇతర మార్గాలు ఏమిటో కూడా అందులో ఉండాలి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అధికారుల నిర్ణయాల జాబితా వెతకండి. ముందు కౌన్సిల్ రాజ్యాంగ పత్రంలో అధికారాల అప్పగింత భాగం తీసి, ఎంత మొత్తం వరకు అధికారి సొంతంగా ఖర్చు చేయవచ్చో చూడండి. ఆ పరిమితి పెద్దగా ఉంటే నిజమైన పాలన కమిటీ గదిలో జరగడం లేదన్నమాట. దాన్ని తగ్గించమని మీ కౌన్సిలర్‌ను అడగవచ్చు.

---

హ్యూస్టన్_కృష్ణ | 14 ఆగస్టు 2025

తగ్గిస్తే ప్రతి చిన్న పనీ కమిటీకే వెళ్లి ఇంకా ఆలస్యమవుతుంది. నేను మేయర్ పక్షమే. అయితే ఆ బడ్జెట్‌కు మూడింట రెండు వంతుల షరతు తీసేసి, కౌన్సిల్‌కు సాధారణ మెజారిటీతో మార్చే హక్కు ఇస్తే సగం గొడవ తీరుతుందనిపిస్తోంది.

---

శారద_బ్రిస్టల్ | 14 ఆగస్టు 2025

అప్పుడు కూడా అరీనా రద్దయ్యేదే, కృష్ణ గారూ. అది బడ్జెట్ ఓటు కాదు కదా. మూర్తి గారు చెప్పిన పరిమితి ఎంతో వెతికి ఇక్కడే రాస్తాను.

---

నాంపల్లి_నరసింహారావు | 15 ఆగస్టు 2025

మా కాలువ మూతకు ఎవరూ జవాబు చెప్పలేదు.

---

సుజాత_డీఎఫ్‌డబ్ల్యూ | 15 ఆగస్టు 2025

నరసింహారావు గారూ, సర్కిల్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత సమాచార హక్కు కింద ఆ ఫిర్యాదు ఏ ఇంజనీరు దగ్గర ఉందో, ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారో అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. మా అమ్మగారి వీధిలో దీపాలకు అలాగే చేశాం. ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో పేరుతో సహా తెలిసింది.